అంగడి అధికారి హద్దులు

బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలిగా చేసుకొని కార్ఖానాలను నిర్మించిన తరువాత, 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి అనేక తెలుగు కుటుంబాలు బతుకుతెరువుకై ఆ పట్టణానికి తరలివెళ్ళాయి. ఆ కుటుంబాలు తమతో తీసుకువెళ్ళిన లెక్కలలో మణుగు ఒకటి. మద్రాసు రాజధాని లెక్కలో వీశె అంటే 120 తులాలు. 8 వీశెలు ఒక మణుగు. అంటే 960 తులాలు, నేటి లెక్కలో సుమారు 11 కిలోలు. ఖరగ్‌పూర్ ఉన్నది బెంగాలు గడ్డ మీద. అక్కడ సేరు 80 తులాలు, 40 సేర్లు ఒక మన్ను. అంటే 3200 తులాలు, 37 కిలోలకు పైమాట. రైల్వేలు సరుకు తూచి కిరాయి కట్టినది కూడా ఈ పెద్ద మణుగుతోనే. తులం రెండుచోట్లా ఒక్కటే. మణుగు, మన్ను అనే మాటలూ ఒక్కటే. కాని ఒకచోటి బరువు మరొకచోటి బరువుకు మూడింతలు దాటింది.

ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసగించలేదు. రెండు తూనికలూ తమతమ చోట్ల న్యాయమైనవే. న్యాయమైన తూకం అనేది వస్తువులో దాగి ఉన్న గుణం కాదనీ, ఒక ఊరివారు అంగీకరించి నిలుపుకొన్న ఒడంబడిక అనీ దీనినిబట్టి స్పష్టమవుతుంది. ఒడంబడిక అయినప్పుడు దానిని కాపాడేవారు ఒకరు ఉండాలి. ఆ కాపరికి ఎంత అధికారం ఉండాలి? రాయిని తూచి చూడగలవాడు ధరను కూడా నిర్ణయించవచ్చునా? అంగడిలో మనిషి నడవడిని దిద్దేవాడు ఆ మనిషి ఇంటి తలుపు తోసుకొని లోపలికి పోవచ్చునా? మధ్యయుగపు నగరాలు ఈ ప్రశ్నలను పుస్తకాలలో మాత్రమే చర్చించలేదు. ఒక ఉద్యోగాన్ని సృష్టించి, దాని మంచిచెడ్డలను అనుభవించి చూశాయి. బాగ్దాదు, డమాస్కస్, కైరో వంటి నగరాలలో ఆ ఉద్యోగి పేరు ముహ్తసిబ్.

ఈ ఉద్యోగం ఏమిటో శాస్త్రబద్ధంగా వివరించినవారిలో 1058లో మరణించిన న్యాయవేత్త అల్ మావర్దీ ముఖ్యుడు. ఆయన లెక్కలో ముహ్తసిబ్ న్యాయాధిపతి కాడు. వాది ప్రతివాదులు వాదించుకొని, సాక్షులను పిలిపించి, ప్రమాణాలు చేయించి తేల్చవలసిన వ్యవహారం అతని పరిధిలోనిది కాదు. ఎదుట కనబడుతున్న తప్పును అక్కడికక్కడే ఆపడం అతని పని. ఎవరూ వచ్చి ఫిర్యాదు చేయనవసరం లేదు. తానే వీధివెంట నడుస్తూ చూస్తాడు. అందువల్ల ఒక విషయంలో అతడు న్యాయాధిపతి కంటే బలవంతుడు, మరొక విషయంలో బలహీనుడు. పిలవకుండానే రాగలడు, కాని కంటికి కనబడనిదానిని విచారించలేడు. ఆ ఉద్యోగపు స్వరూపమంతా ఈ రెండు మాటలలో ఉన్నది.

12వ శతాబ్దంలో సిరియాలో అల్ షైజరీ అనే ఆయన ముహ్తసిబ్‌ల ఉపయోగార్థం ఒక కరదీపిక వ్రాశాడు. ఆ గ్రంథం చదివితే అంగడిని ఎంత దగ్గరగా చూసిన మనిషి వ్రాశాడో తెలుస్తుంది. తూనిక రాళ్ళు ఇనుముతో చేసినవై ఉండాలి. వాటిని అధికారి సరిచూసి ముద్ర వేయాలి. రాతి గుండ్లు ఒకదానికొకటి తగిలి పెచ్చులూడి బరువు తగ్గుతాయి కనుక వాటిని వాడరాదు. ఇనుము దొరకక రాతినే వాడవలసివస్తే దానికి తోలు తొడిగించి, ఆ తోలు మీద ముద్ర వేయించాలి. త్రాసు తట్టలను నూనె, మురికి అంటకుండా మాటిమాటికీ తుడవాలి, ఎందుకంటే ఒక నూనెచుక్క గడ్డకట్టినా అది తూకంలో లెక్కకు వస్తుంది. తూచేముందు త్రాసు కదలక నిలిచేదాకా ఆగాలి. సరుకును తట్టలోకి మెల్లగా జారవిడవాలే గాని విసరరాదు. బొటనవేలితో తట్ట అంచును తాకరాదు. తట్ట అడుగున మైనం అంటించేవారు ఉంటారు. బంగారం తూచేటప్పుడు తట్ట మీదికి మెల్లగా ఊపిరి ఊదేవారూ ఉంటారు. పాలలో నీళ్ళు కలిపారేమో తెలుసుకోవడానికి ఒక వెంట్రుకను ముంచి తీయాలి. దానికి పాలు అంటకపోతే నీళ్ళు కలిసినట్లే.

ఒక్క మనిషికి ఇన్ని వృత్తుల లోగుట్టు తెలియడం అసాధ్యం. షైజరీకి ఆ సంగతి తెలుసు. అందుకే ప్రతి వృత్తిలోనూ ఆ పనిలో ఆరితేరినవాడు, నమ్మదగినవాడు ఒకనిని సహాయకుడుగా పెట్టుకోవాలని చెప్పాడు. శిక్షలు కూడా నలుగురూ చూసేవే. తోలుతో కుట్టి ఖర్జూరపు గింజలు నింపిన కొరడా ఒకటి, రంగుగుడ్డలు, గవ్వలు, గంటలు కట్టిన పొడవాటి టోపీ ఒకటి అధికారి కూర్చునే చోట వేలాడుతూ ఉండాలి. తప్పు చేసినవాని నెత్తిన ఆ టోపీ పెట్టి వీధులవెంట ఊరేగించేవారు. పరువే పెట్టుబడిగా బతికే వర్తకునికి దెబ్బల కంటే ఆ ఊరేగింపు బాధాకరమై ఉంటుంది. తప్పు పదిమంది ఎదుట జరిగినది కనుక శిక్ష కూడా పదిమంది ఎదుటే జరగాలన్నది ఇందులోని తర్కం.

ఈ జాగ్రత్తలు అరబ్బు నగరాలకే పరిమితమైనవి కావు. కౌటిల్యుని అర్థశాస్త్రంలోని పౌతవాధ్యక్షుడు కూడా తూనికలను ఇనుముతో గాని, మగధ, మేకల దేశాల రాతితో గాని చేయించాలి. తడికి పెరగని, వేడికి తరగని వస్తువైతే వేరేదైనా ఫరవాలేదు. నాలుగేసి నెలలకొకసారి ముద్ర వేయించుకోవాలి. ముద్రలేని తూనిక పట్టుబడితే 27¼ పణాల జరిమానా. షైజరీ కౌటిల్యుని చదివి ఉండడు. అయినా ఇద్దరూ రాయి పెచ్చులూడడాన్ని గురించో, తడికి బరువెక్కడాన్ని గురించో ఒకేవిధంగా కంగారుపడ్డారు. తూనికలోని తప్పు వస్తువు మీదనే కనబడుతుంది కనుక, దానిని పట్టుకొనే పద్ధతులు కూడా అన్ని దేశాలలో ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. రాయిని ముద్రరాయితో సరిచూస్తే చాలు. వర్తకుని మనసులో ఏమున్నదో అడగనవసరం లేదు.

ధర సంగతి అట్లా కాదు. బియ్యపు బస్తాను ఎంతసేపు తిరగేసి చూసినా అందులో ధర కనబడదు. అది నిరుటి వానలలో ఉంటుంది, బండి కిరాయిలో ఉంటుంది, నాణెంలోని రాగి పాలులో ఉంటుంది, ఏలినవారు పన్ను ఎట్లా వసూలు చేస్తున్నారన్నదానిలో ఉంటుంది. ఇస్లామీయ ధర్మవేత్తలలో అధికసంఖ్యాకులు ఈ కారణంగానే ముహ్తసిబ్‌కు ధర నిర్ణయించే అధికారం ఇవ్వలేదు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని ప్రజలు కోరగా ప్రవక్త నిరాకరించారన్న సంప్రదాయం వారికి ప్రమాణం. ఇరువురి సమ్మతితో జరిగే అమ్మకంలో మూడవవాడు చొరబడి ఒకని సొత్తును తగ్గించడం అన్యాయమని వారి భావన. 1328లో మరణించిన ఇబ్న్ తైమియ్యా ఇక్కడ ఒక సూక్ష్మభేదం చూపాడు. సరుకు తగ్గి, కొనేవారు పెరిగి, అందువల్ల ధర పెరిగితే అధికారి జోక్యం అన్యాయం. కాని ప్రజలు ఆకలితో ఉండగా ఒకడు ధాన్యం దాచిపెడితే, లేదా అమ్మే హక్కు కొందరికే దక్కి తక్కినవారు వారి దయ మీద బతకవలసివస్తే, అప్పుడు ఆ సరుకుకు లోకంలో ఉండే సమానమైన ధరకే అమ్మమని నిర్బంధించడం న్యాయం. వాదం సమంజసంగానే ఉన్నది. కాని ఒకచోట పెరిగినది వానలేక పెరిగినదా, దాచిపెట్టడంవల్ల పెరిగినదా అని తెలుసుకొనేది ఎట్లా? దాచినది కనబడదు. దానికోసం గాదెలు వెదకాలి.

ఢిల్లీలో అల్లావుద్దీన్ ఖిల్జీ (1296–1316) ఆ వెదకడాన్ని చివరంటా తీసుకుపోయాడు. ఈ వృత్తాంతాన్ని 1357 ప్రాంతంలో తన చరిత్ర గ్రంథాన్ని ముగించిన జియావుద్దీన్ బరనీ వివరంగా వ్రాశాడు. మంగోలుల దాడులను ఎదుర్కొనడానికి పెద్ద సైన్యం కావాలి, తక్కువ జీతానికి ఆ సైన్యం నిలవాలంటే తిండీ బట్టా చౌకగా దొరకాలి అన్నది సుల్తాను ఆలోచన. 1309–10లో మాలిక్ కాఫూర్ వెంట వచ్చి ఓరుగల్లు కోటను ముట్టడించిన సైన్యం ఈ విధంగా పోషింపబడినదే. అందుచేత ఢిల్లీ అంగడి కథ తెలుగువారికి పరాయి కథ కాదు.

గోధుమలు మణుగు 7½ జీతళ్ళు, బియ్యం 5, బార్లీ 4 అని ధరలు కట్టారు (ఢిల్లీ మణుగు బెంగాలు మన్ను కంటే బాగా చిన్నది). ఆజ్ఞతోనే ధర నిలవదని సుల్తానుకు తెలుసు. అతడు మూర్ఖుడు కాడు. గంగాయమునల నడిమి భూములలో పన్నును ధాన్యరూపంలో వసూలు చేయించి ప్రభుత్వపు గాదెలు నింపించాడు. ధాన్యం మోసుకుతిరిగే వర్తకులను భార్యాబిడ్డలతో సహా యమునాతీరపు గ్రామాలలో కాపురం పెట్టించి, ఒకరికొకరిని జామీనుగా ఉంచాడు. రైతు తన పొలం గట్టునే ధాన్యం అమ్మివేయాలి. ఇంటికి మోసుకుపోయి దాచరాదు. ధాన్యపు అంగడికి మాలిక్ ఖబూల్ అనే అధికారిని షహనాగా నియమించాడు. బట్టలకు, చక్కెరకు, నేతికి సరాయి అదల్ అనే వేరొక అంగడి ఏర్పడింది. తక్కిన అంగళ్ళ మీద పెత్తనం యాకూబ్ అనే కఠినుడి చేతిలో పెట్టాడు. బరనీ వర్ణన ప్రకారం ఇతనికి ముహ్తసిబ్ ఉద్యోగం కూడా ఉండేది. తూనిక చూసే కన్నూ ధర కట్టే చేయీ ఆ విధంగా ఒక్క మనిషివయ్యాయి.

ఆ తరువాత జరిగినదే ఆలోచించదగినది. షహనా పంపే నివేదిక ఒకటి, వార్తాహరుల అధికారి పంపేది ఒకటి, రహస్య గూఢచారులు పంపేది ఒకటి, ఇట్లా మూడు దారులలో ప్రతిదినమూ ధరల సమాచారం సుల్తానుకు చేరేది. మూడింటికీ పొత్తు కుదరకపోతే షహనాకు శిక్ష తప్పదు. అంటే అంగడిని చూసేవానిని చూడడానికి ఒకడు, వానిని చూడడానికి మరొకడు. ఒకసారి అనావృష్టి వచ్చినప్పుడు ధర అర జీతల్ పెంచితే బాగుంటుందని షహనా మనవి చేసుకుంటే అతనికి 20 బెత్తపు దెబ్బలు పడ్డాయట. ధర కదలలేదు. కాని ఆ కరువు రోజులలో మనిషికి అర మణుగుకు మించి అమ్మరాదన్న నియమం పుట్టింది. పెరగవలసిన ధర పెరగకుండా ఆపితే దాని బదులు సరుకు కొలత తగ్గింది. కొరత మాత్రం ఎక్కడికీ పోలేదు.

తూనికలోకి కూడా ఈ ధరల కట్టడి ఎట్లా పాకినదో బరనీయే చెబుతాడు. కట్టిన ధరకు అమ్మితే మిగలదు కనుక దుకాణదారులు తూకం తగ్గించసాగారు. సుల్తాను చిన్నచిన్న బానిస కుర్రవాళ్ళ చేతికి డబ్బులిచ్చి, ఒకనిని రొట్టెకు, ఒకనిని మిఠాయికి పంపేవాడు. వాళ్ళు తెచ్చినదానిని మళ్ళీ తూచి, తగ్గినచోట దుకాణదారుని శరీరం నుంచి మాంసం కోయించేవారు. షైజరీ చెప్పిన గవ్వల టోపీకీ దీనికీ ఎంత దూరమో! తూకం తగ్గించడం దుకాణదారుని దుర్బుద్ధి మాత్రమే అయితే టోపీతో సరిపోయేది. ఇక్కడ ఆ తప్పును పుట్టించినది ధరను కట్టిన చేయి. అందుకే ఆ చేతికి కత్తి అవసరమయింది.

ఆ కట్టడివల్ల ధరలు నిలిచిన మాట నిజం. బరనీ కూడా దానిని అద్భుతంగానే భావించాడు. సుల్తాను ఈ పని సైన్యం కోసం కాక సకల ప్రజల మేలు కోరి చేశాడని తరువాతి తరం సూఫీ గోష్ఠులలో చెప్పుకొనేవారు. ఉద్దేశం ఏదైనా సాధనం ఒక్కటే. 1316లో సుల్తాను మరణించాడు. కొద్దికాలానికే సింహాసనమెక్కిన కుమారుడు ముబారక్ షా కాలంలో కట్టడులన్నీ సడలిపోయాయి, ధరలు లేచాయి. యాకూబ్‌కు పూర్వమూ ఆ తరువాతా తూనిక ముద్రలు ఉన్నాయి; అవి ఒక రాజు ప్రాణం మీద ఆధారపడినవి కావు.

ధర ఎక్కడ పుడుతుందో తెలిసిన ముహ్తసిబ్ ఒకడు కైరోలో ఉండేవాడు. ప్రసిద్ధ చరిత్రకారుడు అల్ మఖ్రీజీ 1399లో ఆ నగరపు ముహ్తసిబ్‌గా నియమితుడయ్యాడు. ఆ పదవిలో ఎక్కువకాలం నిలవలేదు. మరొక చరిత్రకారుడు అల్ ఐనీ అతని స్థానంలోకి వచ్చాడు. ఆ కాలంలో ఈ ఉద్యోగం చేతులు మారుతూ, సొమ్ము చెల్లించినవారికి దక్కే స్థితికి వచ్చింది. కొన్నేళ్ళకు ఈజిప్టును కరువు పీడించినప్పుడు మఖ్రీజీ ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. దానిలో దుకాణదారుల దురాశ మీద ఎక్కువ మాటలు లేవు. ఉద్యోగాలను అమ్ముకోవడం, పదవి కొనడానికి చేసిన అప్పు తీర్చుకోవడానికి ఉద్యోగి ప్రజలను పిండడం, భూమి మీద శిస్తు పెరగడం, బంగారం వెండి నాణేలు కనుమరుగై రాగి డబ్బులు వరదలా వచ్చిపడడం కారణాలని నిర్ణయించాడు. అంగడిలో త్రాసు పట్టుకొని తిరిగిన మనిషి, ధరను కొలవడానికి అంగడి వదలి దర్బారు వైపు చూడవలసివచ్చింది. అక్కడ మాత్రం ముహ్తసిబ్ కొరడా పనిచేయదు.

ఇక నడవడి. వీధిలో తాగి తూలేవానిని, బాటకు అడ్డంగా సరుకు పేర్చినవానిని, స్త్రీలు నీళ్ళకు పోయే దారిలో నిలబడి వేధించేవానిని అధికారి మందలించవచ్చు, శిక్షించవచ్చు. ఇంటిలోపల జరిగేదానిని వెదకడం మాత్రం నిషిద్ధమని మావర్దీ స్పష్టంగా వ్రాశాడు. హత్య వంటి సరిదిద్దుకోలేని ప్రమాదం జరుగబోతున్నదని నమ్మదగిన మనిషి చెబితేనే మినహాయింపు. ఈ సందర్భంలో ఖలీఫా ఉమర్ గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. రాత్రివేళ గోడెక్కి ఒక ఇంటిలోకి దూకి, తాగుతున్నవారిని ఆయన నిలదీశాడట. మాది ఒక తప్పు, మీవి మూడు. రహస్యం వెదికారు, గోడ దూకారు, అడగకుండా అడుగుపెట్టారు అని వారు జవాబు చెప్పగా ఆయన వెనుదిరిగాడట. కథ జరిగినా జరగకపోయినా, న్యాయవేత్తలు దానిని తరతరాలుగా ఉదాహరించడంలో వారి మనసు తెలుస్తుంది.

పాలకులకు ఈ సంయమనం ఎప్పుడూ నచ్చలేదు. 1659లో ఔరంగజేబు ముల్లా ఇవజ్ వజీహ్‌ను ముహ్తసిబ్‌గా నియమించి, సహాయంగా సైనికోద్యోగులను ఇచ్చినప్పుడు తూనికల కంటే మద్యం, భంగు, జూదం వంటివి ఆ ఉద్యోగానికి ముఖ్యమయ్యాయి. ఇంచుమించు అదే కాలంలో గోల్కొండ సుల్తానుల హైదరాబాదు వేరొక దారిలో నడుస్తున్నది. ఫ్రెంచి రత్నవర్తకుడు టవర్నియే ఆ నగరంలో 20,000 మందికి పైగా వేశ్యల పేర్లు దరోగా పట్టీలో నమోదై ఉన్నాయని వ్రాశాడు. అంకెలో అతిశయోక్తి ఉండవచ్చు. వారి మూలంగా కల్లు బాగా అమ్ముడుపోతుందనీ, కల్లు మీద పన్ను రాజుకు ముడుతుందనీ కూడా అతడు గమనించాడు. ఒకచోట కొరడా, ఒకచోట చిట్టా. గోల్కొండ పద్ధతి ఉదారంగా కనబడుతుంది గాని, రాజు మొగ్గు కల్లు పన్ను వైపే ఉన్నది. ఆ స్త్రీల మంచిచెడ్డల విచారణ ఎవరిదో చిట్టాలో ఉండదు.

రాజు తననుతాను కట్టివేసుకొన్న సందర్భం తెలుగు దేశంలో ఒకటి ఉన్నది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అది. గాలివానకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు బలాత్కారంగా లాగుకొనేవారనీ, తాను నిర్ణీతమైన సుంకం తప్ప వేరేదీ తీసుకోననీ ఆయన రాతి మీద చెక్కించాడు. సుంకమెంతో రాతి మీద ఉన్నది కనుక వర్తకుడు చదువుకోగలడు, సుంకరి అంతకుమించి అడిగితే చూపగలడు. ముద్రరాయి వర్తకుని తప్పు చూపినట్లే ఈ రాయి అధికారి తప్పును చూపుతుంది.

ఖరగ్‌పూర్‌లో వీశెకూ సేరుకూ పడిన చిక్కును 1956 నాటి తూనికలు కొలతల చట్టం తీర్చింది. 1958 నుంచి కిలోలు క్రమంగా వాడుకలోకి వచ్చాయి. 2009 నాటి చట్టం ప్రకారం ఈనాటి తూనికల ఇన్‌స్పెక్టరు కూడా త్రాసును సరిచూసి ముద్ర వేస్తాడు, ముద్రలేనిదానిని జప్తు చేస్తాడు. షైజరీకి అతని పని అర్థం కాకపోదు. ధర విషయంలో మాత్రం షైజరీ ఊహించని ఉపాయం ఒకటి పుట్టింది. ప్యాకెట్ల మీద అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధరను ముద్రించాలన్న నియమం 1990లో వచ్చింది. కంటికి కనబడని ధర వస్తువు మీదికి ఎక్కింది. ఇన్‌స్పెక్టరు గూఢచారులను పంపనక్కరలేకుండా అట్టపెట్టెను చూసి, అంతకుమించి తీసుకొన్న దుకాణదారుని పట్టుకోవచ్చు. ఆ అంకెను నిర్ణయించేది మాత్రం సాధారణంగా సరుకు తయారుచేసిన కంపెనీయే; అది న్యాయమైనదా కాదా అని ఇన్‌స్పెక్టరు అడగలేడు. గోల్ బజారులో విడిగా అమ్మే చేపలకు, కూరగాయలకు ఆ అంకె కూడా ఉండదు. అక్కడ అతడు సరిచూడగలది త్రాసును మాత్రమే; ధరను కొనేవారూ అమ్మేవారూ తెలుగులోనో బెంగాలీలోనో హిందీలోనో బేరమాడి తేల్చుకుంటారు.